మెసేజ్‌లో ప్రశ్నార్థకాలు ఎక్కడివి?

ఫీజు గుర్తుచేస్తూ ఒక స్కూలు తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్ పంపిందనుకుందాం. ఆఫీసు కంప్యూటర్లో వర్డ్‌లో టైపు చేసి, అక్కణ్నుంచి కాపీ చేశారు:

```
Fee ₹500. Bring the “blue card”.
```

తల్లిదండ్రుల ఫోన్లకు చేరింది మాత్రం ఇది:

```
Fee ?500. Bring the ?blue card?.
```

ఫోన్లో ఏ లోపమూ లేదు. అక్షరాలు పోయింది పంపేచోటనే.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. అందులో అక్షరాలను రెండు పద్ధతుల్లో సర్దవచ్చు. మొదటిది జీఎస్సెమ్ పట్టిక. ఒక్కో అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, నిటారు కొటేషన్ గుర్తు, చివరికి కొన్ని గ్రీకు అక్షరాలు కూడా అందులో ఉన్నాయి. వంపు కొటేషన్లు, ఎమోజీలు, ₹ మాత్రం లేవు. రెండోది యూనికోడ్. అక్షరానికి 2 బైట్లు కావాలి కనుక 70 మాత్రమే పడతాయి, ఎమోజీకైతే రెండు స్థానాలు పోతాయి.

ఒకేసారి వందలమందికి పంపే సాఫ్ట్‌వేర్లలో ‘టెక్స్ట్’, ‘యూనికోడ్’ అని ఈ ఎంపిక కనిపిస్తుంది. ‘టెక్స్ట్’ ఎంచుకుని పట్టికలో లేని గుర్తు రాస్తే, చాలా వ్యవస్థలు దాని స్థానంలో ? పెట్టి ముందుకు పంపేస్తాయి. తెలుగులో రాస్తే వరసంతా ప్రశ్నార్థకాలే. అసలు గుర్తేమిటో ఆ మెసేజ్‌లో ఎక్కడా మిగలదు కాబట్టి అందుకున్నవారు దాన్ని తిరిగి తెచ్చుకోలేరు. మళ్లీ పంపించుకోవడమే దారి.

ఈ-మెయిల్లో కనిపించే “ లాంటి గజిబిజి వేరే జబ్బు. అక్కడ బైట్లు భద్రంగానే ఉంటాయి, చదివే ప్రోగ్రాం వాటిని తప్పు పట్టికతో చదువుతోంది. ఎన్‌కోడింగ్‌ను UTF-8కి మారిస్తే చాలాసార్లు బాగవుతుంది. ఖాళీ డబ్బా కనిపిస్తే, సాధారణంగా ఆ ఫోన్ ఫాంట్‌లో ఆ బొమ్మ లేదని అర్థం.

మరి ఎప్పుడూ యూనికోడే పెట్టేస్తే? అక్షరాలు దక్కుతాయి, ఖర్చు పెరుగుతుంది. 150 అక్షరాల ఇంగ్లిష్ మెసేజ్ జీఎస్సెమ్‌లో ఒకటే. అందులో ఒక్క వంపు కొటేషన్ చేరి యూనికోడ్‌కు మారితే అది మూడు ఎస్సెమ్మెస్‌లవుతుంది, ఎందుకంటే ముక్కలను కలిపే సమాచారానికి చోటుపోగా ఒక్కోదానిలో 67 అక్షరాలే మిగులుతాయి. తెలుగులో లెక్క ఇంకా త్వరగా కరుగుతుంది: ‘నమస్తే’ కంటికి మూడక్షరాలే, యంత్రానికి ఆరు. గుణింతం గుర్తు, వత్తు కోసం వాడే పొల్లు వేర్వేరుగా లెక్కకొస్తాయి.

వంపు కొటేషన్లు చాలావరకు రాసేవారు కోరి పెట్టినవి కావు. నిటారు గుర్తు నొక్కితే వర్డ్ తనంతట తానే వంచేస్తుంది, కొన్ని ఫోన్లూ అంతే. ఇంగ్లిష్ మెసేజ్‌ను నేరుగా పంపే పెట్టెలోనే టైపు చేసి, ₹ బదులు Rs. రాస్తే ‘టెక్స్ట్’ చాలు. తెలుగుకు మాత్రం ‘యూనికోడ్’ తప్పనిసరి. ఏది ఎంచుకున్నా, అందరికీ పంపేముందు సొంత నంబరుకు ఒకటి పంపి చూసుకుంటే తేడా అప్పుడే బయటపడుతుంది.