నీడకు మొదలెక్కడ?

కొబ్బరిచెట్టు ఎత్తు తెలుసుకోవడానికి చెట్టెక్కనక్కర్లేదు. పక్కనే ఒక కర్రను నిలువుగా పాతి, దాని నీడనూ చెట్టు నీడనూ కొలిస్తే చాలు. కర్ర మీటరున్నర, దాని నీడ 1.8 మీటర్లు, అదే సమయానికి చెట్టు నీడ 18.6 మీటర్లు వచ్చిందనుకుందాం. 18.6ను 1.8తో భాగించి, వచ్చినదాన్ని ఒకటిన్నరతో గుణిస్తే 15.5. చెట్టు పదిహేనున్నర మీటర్లన్నమాట.

ఇదెలా కుదిరిందంటే, సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దూరం నుంచి వచ్చే కిరణాలు మన తోటలోకి చేరేసరికి దాదాపు సమాంతరంగా ఉంటాయి. కర్ర కొసనూ చెట్టు కొసనూ తాకే కిరణాలు నేలను ఒకే వాలులో తాకుతాయి. కర్ర, దాని నీడ, ఆ కిరణం కలిసి ఒక చిన్న త్రిభుజం. చెట్టు, దాని నీడ, దాని కిరణం కలిసి ఒక పెద్ద త్రిభుజం. రెండింటి కోణాలూ ఒకటే, అంటే అవి సరూప త్రిభుజాలు. నీడ ఎన్ని రెట్లో ఎత్తూ అన్ని రెట్లే.

ఇక్కడ చాలామంది నేల చదునుగా ఉండాలంటారు. నిజానికి నేల ఒకే తీరుగా వాలి ఉన్నా ఇబ్బంది లేదు. కర్రను చెట్టు దగ్గరే, అదే వాలు మీద పాతి, రెండు నీడలనూ వాలు వెంబడే కొలిస్తే త్రిభుజాలు వంకరగా మారతాయేమో గానీ, రెండూ ఒకేలా మారతాయి. చెడగొట్టేది మధ్యలో వచ్చే గట్టో కాలవో. కర్ర మాత్రం కచ్చితంగా నిలువుగా ఉండాలి. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకున్నట్టు దారానికి ఒక బరువు కట్టి సరిచూసుకోవాలి.

రెండు నీడల కొసలకూ ఒకేసారి గుర్తు పెట్టడం ఇంకా ముఖ్యం. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున ఆకాశంలో జరుగుతుంటాడు. మన కొబ్బరిచెట్టు నీడ కొస ఆ నాలుగు నిమిషాల్లో అర మీటరు దాకా కదిలిపోవచ్చు. కర్ర నీడ కొలిచి, తీరిగ్గా టేపు చుట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లేలోగా లెక్క తప్పుతుంది. ముందు ఇద్దరు మనుషులు ఒకే మాట మీద రెండు చోట్లా మేకులు దిగ్గొట్టాలి. కొలత తర్వాతైనా తీసుకోవచ్చు.

ఇంతవరకూ కష్టమేమీ లేదు. అసలు చిక్కు నీడ కొస దగ్గర కాదు, నీడ మొదలు దగ్గర వస్తుంది. కొబ్బరిచెట్టుకు శిఖరానికి సరిగ్గా కిందే మొదలుంది, టేపు అక్కడ ఆనించవచ్చు. వెడల్పాటి కట్టడానికి ఆ చోటు లోపలెక్కడో ఉంటుంది.

క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దపు గ్రీకు పండితుడు థేలీస్ ఈజిప్టు పిరమిడ్ ఎత్తును నీడతో కొలిచాడని చెప్పే కథ ప్రసిద్ధం. తన నీడ తన ఎత్తుకు సమానమయ్యేదాకా ఆగి, ఆ క్షణంలో పిరమిడ్ నీడ కొలిచాడట. వినడానికి తేలికే. కానీ గీజాలోని పెద్ద పిరమిడ్ అడుగున ఒక్కో పక్క 230 మీటర్లు, కట్టినప్పటి ఎత్తు దాదాపు 146 మీటర్లు. శిఖరానికి సరిగ్గా కింద ఉన్న బిందువు రాళ్ల మధ్య, అంచు నుంచి 115 మీటర్ల లోపల ఉంది. నీడ ఎత్తుకు సమానమైన వేళ కూడా బయటికి కనిపించేది 31 మీటర్ల ముక్కే. మిగతా 115 మీటర్లను మనమే కలుపుకోవాలి. అలా సగం భుజం కలిపితే సరిపోవాలన్నా నీడ ఒక పక్కకు లంబంగా పడాలి. పిరమిడ్ పక్కలు సరిగ్గా నాలుగు దిక్కులకూ చూస్తున్నాయి కాబట్టి, మిట్టమధ్యాహ్నం నీడ నేరుగా ఉత్తరానికి పడ్డప్పుడు అది కుదురుతుంది. గీజాలో మధ్యాహ్నపు సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉండేది ఫిబ్రవరి మొదటి వారం చివర్లో ఒకసారి, నవంబరు మొదటి వారంలో ఒకసారి. థేలీస్ నిజంగా ఆ పని చేసి ఉంటే, మంచి రోజు చూసుకునే వెళ్లి ఉండాలి.

మన ఊరి గోపురానికి అన్నాళ్లు ఆగనక్కర్లేదు, మొదలు వెతకనూ అక్కర్లేదు. కొసను రెండుసార్లు గుర్తిస్తే చాలు. ఫిబ్రవరిలో ఒక ఉదయం తొమ్మిదింటికి గోపురం నీడ కొస దగ్గర ఒక మేకు, మీటరున్నర కర్ర నీడ కొస దగ్గర ఒక మేకు కొట్టండి. నలభై నిమిషాలాగి, కొసలు జరిగిన చోట మళ్లీ చెరో మేకు కొట్టండి. కర్ర నీడ కొస 75 సెంటీమీటర్లు జరిగింది, గోపురం నీడ కొస 12 మీటర్లు జరిగిందనుకుందాం. పన్నెండు మీటర్లలో 75 సెంటీమీటర్లు పదహారుసార్లు. గోపురం కర్రకు పదహారు రెట్లు, అంటే 24 మీటర్లు.

ఈసారి త్రిభుజాలు నేల మీద పడుకుని ఉన్నాయి. కర్ర మొదలు, దాని రెండు మేకులూ ఒక త్రిభుజం. గోపురం లోపల ఎక్కడో ఉన్న మొదలు, దాని రెండు మేకులూ ఇంకో త్రిభుజం. ఆ నలభై నిమిషాల్లో రెండు నీడలూ ఒకే కోణం తిరిగాయి, ఒకే నిష్పత్తిలో కురచబడ్డాయి. కాబట్టి ఇవీ సరూపాలే. మనం కొలిచింది మొదలుతో పనిలేని మూడో భుజాన్ని. అందుకే ఆ మొదలు గర్భంలో ఎక్కడున్నా లెక్కకు అడ్డు రాదు.

దీనికీ ఒక ఖరీదుంది. కర్ర దగ్గర ఒక్క సెంటీమీటరు తప్పితే గోపురం దగ్గర ముప్పై సెంటీమీటర్లు తప్పుతుంది. అందుకే కర్ర పొడుగ్గా ఉంటే మంచిది, ఆగే సమయమూ ఎక్కువుండాలి. పైగా గోపురం నీడ కొస మసకగా ఉంటుంది. సూర్యుడు ఒక చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. ఆ వెడల్పంతా నీడ అంచులో కనిపిస్తుంది. ఏ వస్తువైనా తన వెడల్పుకు సుమారు 107 రెట్ల దూరం దాటితే దాని చిక్కటి నీడ మాయమవుతుంది. మన గోపురం పైనుంచి నీడ కొస దాకా కిరణం నడిచే దారి తొమ్మిదింటికి 48 మీటర్లు. అంటే 45 సెంటీమీటర్లకంటే సన్నటి కలశానికి అక్కడ సరైన నీడే ఉండదు, లేత బూడిద మరక మిగులుతుంది. కలశాన్ని వదిలేసి, అది నిలిచిన శిఖరపు గట్టిమూలను పట్టుకోవాలి. రెండోసారి కూడా అదే మూల కావాలి. పైకి ఎంత కలశమో తర్వాత విడిగా కలుపుకోవచ్చు.

మొదలు అందని వస్తువుల బెడద కొత్తది కాదు. 499 నాటి ఆర్యభటీయంలో దీపం ఎత్తు కనుక్కునే సూత్రం ఉంది. దీపం దగ్గర్లో ఉంటుంది కాబట్టి కిరణాలు సమాంతరం కావు. అందుకే ఒకే ఎత్తున్న రెండు కర్రలకు, దూరాన్ని బట్టి, వేరువేరు నీడలు పడతాయి. ఆ తేడానే ఆర్యభటుడు వాడుకున్నాడు. వీధిదీపం కింద చేసి చూడవచ్చు. దీపానికి ఎదురుగా ఒకే గీత మీద రెండు మీటరు కర్రలు నిలబెడితే ఒకదాని నీడ ఒక మీటరు, రెండోదానిది మీటరున్నర, నీడ కొసల మధ్య దూరం రెండు మీటర్లు వచ్చిందనుకుందాం. రెండును మొదటి నీడ ఒకటితో గుణించి, నీడల తేడా అరతో భాగిస్తే నాలుగు. మొదటి నీడ కొస నుంచి దీపస్తంభం మొదలు దాకా నాలుగు మీటర్లు. ఆ నాలుగును కర్రతో గుణించి మొదటి నీడతో భాగిస్తే దీపం ఎత్తు, ఇక్కడ అదీ నాలుగు మీటర్లే. సూర్యుడి కింద రెండు కర్రలు పాతినా ఒకే నీడ పడుతుంది గనక ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ రెండో కర్ర చేసే పనిని గడిచిన నలభై నిమిషాలు చేస్తాయి.