బాల్కనీ నుంచి పిల్లి పడితే

మూడో అంతస్తు నుంచి పడిన పిల్లి లేచి నడిచినా దెబ్బ తగల్లేదని అనుకోవద్దు. ఊపిరితిత్తులు నలిగినా, మూత్రాశయం చిట్లినా వెంటనే బయటికి తెలియకపోవచ్చు.

ముందు మందపాటి తువ్వాలు కప్పి పట్టుకోండి. నొప్పిలో ఉన్న పిల్లి పెంచినవాళ్లనైనా కరుస్తుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి అయిదు నిమిషాలు గట్టిగా అదమండి. ఆగిందో లేదో అని మధ్యలో ఎత్తి చూడొద్దు, గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే పైనే ఇంకొకటి వేయండి.

తర్వాత పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయినా, నీలంగా మారినా, నోరు తెరిచి రొప్పుతున్నా ఒక్క క్షణం ఆగొద్దు. డాక్టరుకు దారిలోనే ఫోన్ చేయండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి తిండి, నీళ్లు పెట్టకండి. అట్టపెట్టెలో కదలకుండా పడుకోబెట్టి తీసుకెళ్లండి.

ఇందుకు కావాల్సిన గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజీ, పుండు కడగడానికి సెలైన్ సీసా, తువ్వాలు, డాక్టరు నంబరు రాసిన చీటీ ఒక డబ్బాలో సర్దుకుంటే చాలు. మన ఇళ్లలో ఉండే రెండింటిని మాత్రం అందులోకి రానివ్వొద్దు. పారాసెటమాల్‌ను పిల్లి కాలేయం విరిచేయలేదు, ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. డెటాల్‌ పూస్తే నాకుతుంది, అదీ దానికి విషమే.