60 శాతం మ్యాచ్ అంటే?

అకౌంటెంట్ ఉద్యోగ ప్రకటనలోంచి, పదాలు పోల్చే టూల్ 20 మాటలు ఏరిందనుకోండి. రెజ్యూమెలో 12 దొరికితే స్కోరు 60 శాతం. అది పదాల లెక్కే తప్ప ఉద్యోగం వచ్చే అవకాశం కాదు. నెలనెలా GSTR-3B దాఖలు చేశానని రాసినా, టూల్ ‘జీఎస్టీ రిటర్న్స్’ కోసమే వెతికితే ఆ అనుభవం లెక్కలోకి రాదు. ప్రకటనను మక్కికి మక్కి దించినవారికి మాత్రం 95 రావచ్చు!

అందుకే 80 అని ముందే కటాఫ్ పెట్టడం అన్యాయం. ఆ పని ఇప్పటికే బాగా చేస్తున్నవారి పాత రెజ్యూమెలను అదే ప్రకటనతో, అదే టూల్‌లో పోల్చి చూడాలి. వారికి 55 నుంచి 75 వస్తే కటాఫ్ 50 దగ్గర చాలు. దానికి దిగువన ఉన్నవాటిలోనూ కొన్నిటిని మనిషి చదవాలి; పనికొచ్చేవారు కనిపిస్తే గీత ఇంకా దించాలి. టూల్ మారితే ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే.