పాత ఫోన్ కొంటున్నారా? ఆ 15 అంకెలు చెప్పేదెంత, చెప్పనిదెంత

పోగొట్టుకున్న ఫోన్ల కోసం తిరుపతి జిల్లా పోలీసులు ‘మొబైల్ హంట్’ పేరుతో ఫిర్యాదులు తీసుకుంటారు. దొరికిన ఫోన్లను టేబుళ్ల మీద వరుసగా పేర్చి, సొంతదారులను పిలిచి అప్పగిస్తుంటారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఆ ఫొటోలో ఒక మనిషి మాత్రం ఉండడు. ఆ ఫోన్‌ని మధ్యలో ఎవరి దగ్గరో డబ్బిచ్చి కొన్నవాడు. స్టేషన్ నుంచి కాల్ వచ్చింది అతనికే. ఫోన్ తెచ్చి ఇచ్చేసిందీ అతనే. అతని డబ్బు తిరిగి రాలేదు. ఈ కథనం అతని కోసం, రేపు అతని చోట ఉండబోయేవాళ్ల కోసం.

నాయుడుపేట లాంటి ఊళ్లో వాడిన ఫోన్లకు గిరాకీ ఎక్కువ. మేనకూరు సెజ్‌లో షిఫ్టులకు వెళ్లే కుర్రాళ్లున్నారు, ఇతర రాష్ట్రాల నుంచి పనికొచ్చి ఇక్కడే ఉంటున్నవాళ్లున్నారు, డిగ్రీ పిల్లలున్నారు. 16వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనే. రైలెక్కితే చెన్నై దూరమేమీ కాదు. రిచీ స్ట్రీట్ సరుకు, బర్మా బజారు సరుకు ఇక్కడికి రావడం పెద్ద పని కాదు. అలా వచ్చిందంతా దొంగ సరుకని కాదు. అయితే ఏది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఫోన్‌ని చూసి చెప్పలేం.

ఒక బేరాన్ని మొదటి నుంచి చూద్దాం. గెలాక్సీ ఏ15 5జీ, ధర 7,500 రూపాయలు. “బాక్సు లేదు తమ్ముడూ, బిల్లు ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది. ఫోన్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది, చూసుకో” అంటాడు అమ్మేవాడు. వైఫై పెట్టి యూట్యూబ్ చూపిస్తాడు, కెమెరా చూపిస్తాడు. ఇక్కడే చాలామంది సరే అనేస్తారు. నిజానికి బ్లాకైన ఫోన్‌లోనూ వైఫై పనిచేస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది, కెమెరా ఫొటోలు తీస్తుంది. బ్లాక్ చేసేది మొబైల్ నెట్‌వర్క్‌ని మాత్రమే. అందుకని ముందు మీ సిమ్ తీసి అందులో వేయండి. సిగ్నల్ గీతలు వచ్చాక ఒక కాల్ చేసి మాట్లాడండి.

కాల్ కలిసిందని సంబరపడొద్దు. అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. కాల్ చేసే చోట ఈ కోడ్ కొట్టాలి.

```
*#06#
```

వెంటనే ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ కాబట్టి రెండు నంబర్లు వస్తాయి, ఒక్కొక్కటి 15 అంకెలు. రెండూ రాసుకోండి. తర్వాత మీ ఫోన్ నుంచి 14422 నంబరుకు ఈ తీరులో మెసేజ్ పంపండి. ఇక్కడ ఇచ్చిన అంకెలు నమూనా మాత్రమే, వాటి చోట మీరు రాసుకున్నవి వేయాలి.

```
KYM 123456789012345
```

ఇది కేంద్ర టెలికాం శాఖ నడిపే సీఈఐఆర్ అనే రిజిస్టర్ సేవ. 2019లో ముంబైలో ప్రయోగంగా మొదలై, 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్‌తో దేశమంతటికీ వచ్చింది. ఫోన్ పోయినవాళ్లు పోలీసు ఫిర్యాదు కాపీతో అందులో నమోదు చేస్తే, ఆ ఐఎంఈఐ అన్ని కంపెనీల నెట్‌వర్క్‌లలోనూ బ్లాకవుతుంది. తర్వాత ఎవరైనా ఆ ఫోన్‌లో సిమ్ వేస్తే, ఏ నంబరు సిమ్ వేశారో పోలీసులకు తెలుస్తుంది. కొన్నవాడికి స్టేషన్ నుంచి కాల్ వచ్చేది ఇలాగే. మెసేజ్ వద్దనుకుంటే సంచార్ సాథీ యాప్‌లో, లేదా sancharsaathi.gov.in సైట్‌లో మీ మొబైల్‌కు వచ్చే ఓటీపీ కొట్టి అదే సమాచారం చూడొచ్చు. గూగుల్‌లో వెతికితే ఐఎంఈఐ చెక్ చేస్తామనే ప్రైవేటు సైట్లు బోలెడు కనిపిస్తాయి. మన దేశపు బ్లాక్ జాబితా కోసం వాటిని నమ్ముకోవద్దు.

జవాబులో బ్లాక్‌లిస్టెడ్ అని గానీ, డూప్లికేట్ అని గానీ, ఇప్పటికే వాడుకలో ఉందని గానీ వస్తే కొనొద్దని టెలికాం శాఖే చెబుతోంది. ఆ మాట వచ్చాక ధర తగ్గించమని బేరమాడకండి, లేచి వచ్చేయండి. రెండు నంబర్లకూ విడివిడిగా మెసేజ్ పంపడం తప్పనిసరి. తొందరలో ఒకటి చూసి రెండోది వదిలేస్తే, ఆ వదిలేసినదే కొంప ముంచవచ్చు.

జవాబు ‘వ్యాలిడ్’ అని వచ్చిందనుకుందాం. చాలామంది ఆ ఒక్క మాట చదివి ఫోన్ జేబులో వేసుకుంటారు. ఆ పక్కనే ఉన్న కంపెనీ పేరు, మోడల్ పేరు చదవరు. ఐఎంఈఐలో మొదటి 8 అంకెలు మోడల్‌ని చెబుతాయి, తర్వాతి 6 ఆ ఒక్క ఫోన్ వరుస సంఖ్య, చివరిది లెక్క సరిచూసే అంకె. దొంగ ఫోన్లకు నంబరు మార్చేవాళ్లు తమకు తోచిన అంకెలు వేయరు. ఎక్కడో నిజంగా ఉన్న మంచి ఫోన్ నంబరునే తెచ్చి దీనిలో ఎక్కిస్తారు. నంబరు నిజమైనదే కాబట్టి జవాబు కూడా ‘వ్యాలిడ్’ అనే రావచ్చు. మోడల్ దగ్గర మాత్రం చాలాసార్లు దొరికిపోతారు. సెట్టింగ్స్‌లో About phone తెరిచి Model number చూడండి. ఈ ఫోన్‌కైతే SM-A156E అని ఉండాలి. మెసేజ్‌లోనూ శాంసంగ్ అనీ, అదే మోడల్ అనీ రావాలి. అక్కడ ఇంకో కంపెనీ పేరో, ఎప్పటిదో పాత మోడలో కనిపిస్తే ఆ ఫోన్ నంబరు మార్చారన్నమాట. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికాం చట్టం ప్రకారం నేరం. శిక్ష మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మార్చారని తెలిసి అలాంటి ఫోన్‌ని దగ్గర పెట్టుకోవడమూ అదే చట్టం కింద తప్పే.

మన బేరంలో మోడల్ కూడా సరిపోయింది. ఇక మిగిలింది బాకీ. నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు దీని గురించే, ఎందుకంటే 14422కి దీని సంగతి అసలు తెలియదు.

ఈ రోజుల్లో చేతిలో రూపాయి లేకపోయినా కొత్త ఫోన్ వస్తుంది. ఆధార్ చూపించి, బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా కోతకు ఒప్పుకుంటే చాలు. అలా అప్పు మీద ఇచ్చిన ఫోన్లలో కొన్నిటికి ఫైనాన్స్ కంపెనీ తాళం పెట్టే ఏర్పాటు ఉంటుంది. కంతులు ఆగితే ఫోన్ తెర మీద బాకీ కట్టమనే సందేశం తప్ప మరొకటి కదలదు. ఒకడు మూడు కంతులు కట్టి ఫోన్ అమ్మేశాడనుకోండి. అమ్మిన రోజుకు ఆగిన కంతు లేదు, తాళం లేదు. నాలుగో నెల అతను కట్టకపోతే తాళం పడేది మీ చేతిలోని ఫోన్‌కే. అప్పు అతని పేరు మీద ఉంది కాబట్టి ఫైనాన్స్ కంపెనీ ముందు మీకు ఏ హక్కూ లేదు. ఇది దొంగతనం కాదు, సీఈఐఆర్ జాబితాలోకి రాదు. మెసేజ్ చేస్తే నిక్షేపంగా వ్యాలిడ్ అనే వస్తుంది.

దీన్ని పట్టుకోవాలంటే ఫోన్‌ని మీ ఎదుటే పూర్తిగా రీసెట్ చేయించాలి. రీసెట్ అయ్యాక వైఫైకి కలిపి, మొదటి నుంచి సెటప్ మీరే చేయండి. ఇంటర్నెట్ తగలగానే ఫోన్ తన కంపెనీ సర్వర్‌ని పలకరిస్తుంది. తాళం ఏర్పాటు ఉన్న ఫోన్ సాధారణంగా అప్పుడే బయటపడుతుంది. ఈ ఫోన్ ఫలానా సంస్థ అధీనంలో ఉందనే సందేశం వస్తుంది, లేదా ఒక ఫైనాన్స్ యాప్ తనంతట తానే దిగుతుంది. సెటప్ ముగిశాక సెట్టింగ్స్‌లో పైనున్న వెతుకు పెట్టెలో Device admin apps అని కొట్టి, తెలియని యాప్ ఏదైనా ఉందేమో చూడండి. కొన్ని ఫోన్లలో Financed device info అనే వరస కనిపిస్తుంది. అది కనిపిస్తే ఇక అడగాల్సిందేమీ లేదు. ఐఫోన్ అయితే General కింద VPN & Device Management చూడాలి. రీసెట్ అయ్యాక పాత గూగుల్ ఖాతానో, ఆపిల్ ఖాతానో అడిగితే, అమ్మేవాడు అక్కడికక్కడే పాస్‌వర్డ్ కొట్టి తీయగలగాలి. “రేపు తీసిస్తాలే” అంటే ఆ ఫోన్ అతనిది కాదేమో అని అనుమానించాల్సిందే.

ఇంత చేసినా ఏ తాళమూ కనిపించని అప్పు ఫోన్ ఉండొచ్చు. అందుకే బిల్లు కావాలి. కంతుల మీద కొన్న ఫోన్ బిల్లులో చాలాసార్లు ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుంది. ఉంటే, అప్పు తీరిందని ఆ కంపెనీ ఇచ్చిన ఎన్‌వోసీ చూపించమనండి. అప్పు తీర్చినవాడి దగ్గర అది మెయిల్‌లోనో, కంపెనీ యాప్‌లోనో ఉంటుంది. “తీర్చేశానన్నా” అనే మాట ఎన్‌వోసీకి సాటి రాదు.

దొంగ ఫోన్ విషయంలోనూ బిల్లుకు ఇంకో పని ఉంది. 14422 జవాబు ఆ నిమిషానికి చెల్లే మాట. నిన్న గూడూరు రైల్లో జేబులోంచి పోయిన ఫోన్‌కి సొంతదారు ఇంకా స్టేషన్‌కే వెళ్లి ఉండకపోవచ్చు. అతను ఫిర్యాదు చేసి, సీఈఐఆర్‌లో ఎక్కించేలోపు ఎవరు చూసినా అది మంచి ఫోనే. ఈ సందుని మూసే పరీక్ష ఏదీ లేదు. బిల్లు మీది ఐఎంఈఐ, ఫోన్‌లోది ఒకటే అయి, బిల్లు మీది పేరు అమ్మేవాడి గుర్తింపు కార్డుతో కలిస్తే కొంత ధైర్యం. ఒక తెల్లకాగితం మీద రెండు ఐఎంఈఐలు, తేదీ, ధర, అతని ఫోన్ నంబరు రాయించి సంతకం తీసుకోండి. డబ్బు నగదుగా కాకుండా యూపీఐలో పంపండి. దొంగ సొత్తు దగ్గర ఉన్నవాడి మీద కేసు నిలబడాలంటే అది దొంగదని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో తీసుకున్నాడని తేలాలి. బిల్లు లేకుండా, మరీ కారుచౌకగా, నగదుకి కొన్నవాడు తనకేమీ తెలియదంటే నమ్మించడం కష్టం.

దుకాణాల వాళ్లకు కూడా ఇప్పుడు ఈ పని తప్పదు. 2025 అక్టోబరులో సవరించిన టెలికాం సైబర్ భద్రతా నియమాలు, వాడిన ఫోన్లు కొని అమ్మేవాళ్లు ముందుగా ప్రభుత్వ జాబితాతో ఐఎంఈఐ సరిచూసుకోవాలంటున్నాయి. కాబట్టి నాయుడుపేటలో ఏ కౌంటర్ ముందు నిలబడినా, “జాబితాలో చూశారా, బిల్లు మీద రెండు నంబర్లూ రాసిస్తారా” అని మొహమాటం లేకుండా అడగండి. రాసివ్వనంటే పక్క దుకాణానికి వెళ్లండి.

అమెరికా నుంచి వచ్చే ఫోన్ల సంగతి వేరే. డాలస్‌లో ఉండే బావగారు తెచ్చే ఐఫోన్ దొంగది కాదు, సరే. అక్కడి నెట్‌వర్క్ కంపెనీలు మాత్రం వాయిదాలు ఆగిన ఫోన్ ఐఎంఈఐని తమ జాబితాలో పెట్టేస్తాయి, వాయిదాలు తీరేదాకా వేరే కంపెనీ సిమ్ పట్టకుండా సాధారణంగా లాక్ కూడా ఉంచుతాయి. మన 14422ని అడిగితే ఆ బాకీ తెలియదు. Settings, General, About వరసలో Carrier Lock దగ్గర No SIM restrictions అని ఉందో లేదో విమానం ఎక్కకముందే చూసి చెప్పమనండి. బాకీ తీరిందో లేదో అక్కడి కంపెనీని అడగాల్సింది కూడా ఆయనే.

ఎప్పుడో బిల్లు లేకుండా కొన్న ఫోన్ ఇప్పుడు మీ జేబులో ఉంటే, రెండు నంబర్లకూ ఈ రోజే మెసేజ్ పంపి చూడండి. బ్లాక్‌లిస్టెడ్ అని వస్తే ఆ ఫోన్‌ని ఇంకొకరికి అమ్మకండి, పారేయకండి, నంబరు మార్పిస్తామనేవాళ్ల దగ్గరికి పోకండి. ఎవరి దగ్గర కొన్నారో చెప్పే చాట్లు, చెల్లింపు వివరాలు పట్టుకుని, కాల్ వచ్చేదాకా ఆగకుండా మీరే స్టేషన్‌కి వెళ్లి ఇచ్చేయండి. ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి, అమ్మినవాడి మీద మీ ఫిర్యాదు కూడా అప్పుడే రాసివ్వండి.