చెవికి రాసేది, కాగితం మీద నిలిచేది

గల్ఫ్‌కి కొత్తగా వెళ్ళిన జగిత్యాల కుర్రాడికి ఈజిప్టు సూపర్‌వైజర్ నుంచి మెసేజ్ వచ్చిందనుకుందాం: eb3atly el 3onwan. అక్షరాల మధ్య ఆ 3 ఏమిటో అర్థం కాదు. వేలు జారి పడిందేమో అనిపిస్తుంది. కానీ అది తప్పు కాదు. ‘అడ్రసు పంపు’ అని దాని అర్థం. కుర్రాడు 7ader అని కొడితే చాలు, ‘అలాగే’ అన్నట్టు.

అరబ్బుల చాటింగ్‌లో ఇలాంటి రాతకి అరబీజీ అని పేరు. అరబిక్‌లోని కొన్ని ధ్వనులకు ఇంగ్లిషులో అక్షరాలు లేవు కాబట్టి ఆకారం కలిసిన అంకెలను అరువు తెచ్చుకున్నారు. ع ని అద్దంలో చూస్తే 3లా ఉంటుంది. గొంతు లోపలినుంచి పలికే హ, అంటే ح, 7ని పోలి ఉంటుంది. 5కి మాత్రం ఆకారంతో పనిలేదు. ఐదుని అరబిక్‌లో ‘ఖమ్సా’ అంటారు కాబట్టి అది ‘ఖ’ అయింది. అయితే ఈ లెక్క అంతటా ఒకటే కాదు. గల్ఫ్‌లో 9ని ‘ص’ అనే స కోసం వాడేవాళ్ళుంటే, మొరాకోలో అదే 9 ‘ق’ అవుతుంది.

ఈ అలవాటుకు మొదట్లో కారణం ఫోన్లే. చాలా పాత ఫోన్లలో అరబిక్ కీబోర్డు ఉండేది కాదు. ఉన్నా, ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిషు అక్షరాలైతే 160 పడతాయి, అరబిక్‌గానీ హిందీగానీ అయితే 70తోనే సరి. అవే మాటలకు డబ్బులు రెట్టింపవుతాయి. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. అయినా అరబీజీ పోలేదు, ఎందుకంటే అది మాట్లాడే భాషకు అతుక్కుపోయింది. ఈజిప్టు వాడైనా, లెబనాన్ వాడైనా ఇంట్లో మాట్లాడేది తమ యాస. బడిలో నేర్చి, పత్రికల్లోనూ ఆఫీసు కాగితాల్లోనూ రాసేది ప్రామాణిక అరబిక్, ‘ఫుస్‌హా’. యాసని ఎలా రాసినా ఎవరూ తప్పు పట్టరు. ఫుస్‌హాని మాత్రం అరబిక్ లిపిలోనే చూస్తారు.

అందుకే స్నేహితుల మధ్య, తోటి పనివాళ్ళ మధ్య, అవతలివాళ్ళు అరబీజీలో మొదలుపెడితే అందులోనే జవాబివ్వొచ్చు. పెద్దవాళ్ళకైతే ఆ అంకెలు పజిల్‌లా ఉంటాయి. సంతాపం చెప్పేటప్పుడు, యజమానికి సెలవు అడిగేటప్పుడు అరబిక్ లిపే గౌరవంగా ఉంటుంది. ఒక్క అక్షరంతో అర్థం తలకిందులయ్యే ప్రమాదమూ ఉంది. ‘ఖల్బ్’ (قلب) అంటే గుండె, ‘కల్బ్’ (كلب) అంటే కుక్క. ఈజిప్టువాళ్ళు ‘నా గుండె’ని 2albi అని రాసుకుంటారు. వినికిడి బట్టి kalbi అని కొడితే ముద్దుమాట కాస్తా ‘నా కుక్క’ అవుతుంది.

హిందీలో అంకెల గొడవ లేదు, కానీ అక్కడా ఇలాంటి గుంట ఒకటుంది. ‘saath hazar bhej do’ అని వాట్సాప్‌లో వస్తే ఎంత పంపాలి? సాత్ (सात) ఏడు, సాఠ్ (साठ) అరవై, సాథ్ (साथ) ‘తోడుగా’. రోమన్‌లో మూడూ దాదాపు ఒకేలా పడతాయి. ఒక్క h అటో ఇటో అయితే ఏడువేలు అరవైవేలవుతాయి. డబ్బు, తేదీ, ఊరిపేరు ఉన్న చోట అంకెలో, దేవనాగరిలో రాయమని అడగడంలో నామోషీ లేదు. 7000 అని అడిగి రూఢి చేసుకుంటే చాలు.

మామూలు కబుర్లకి హిందీవాళ్ళే రోమన్ వాడతారు, మనం ‘ela unnav’ అన్నట్టే. అర్జీకి, పెళ్ళి పత్రికకు, ఆఫీసు ఫైలుకి మాత్రం దేవనాగరి కావాలి. రాజ్యాంగం 343వ అధికరణం కేంద్రానికి అధికార భాషగా చెప్పింది కేవలం హిందీ అని కాదు, ‘దేవనాగరి లిపిలోని హిందీ’ అని.

అరబిక్‌లో ఈ గీత ఇంకా గట్టిది. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగ ఒప్పందం రెండు భాషల్లో ఉంటే చెల్లేది అరబిక్ పాఠమే. మన పేర్ల సంగతి మరీ జాగ్రత్త. అరబిక్‌లో ‘ప’ లేదు, పద్మ ‘బద్మా’ అవుతుంది. ఒక్కో కాగితం మీద ఒక్కో రకంగా పడితే తిరగాల్సింది మనమే. అందుకే పేరుని మనం కూడబలుక్కుని రాయకూడదు. ఇఖామా కార్డు మీద అరబిక్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే దించాలి.

జగిత్యాల కుర్రాడు సూపర్‌వైజర్‌కి 7ader అని కొట్టినా, అడ్రసు కాగితానికెక్కాల్సి వస్తే మాత్రం అరబిక్‌లో రాసి పంపమని ఆయన్నే అడగడం మంచిది.