ఏడాది చివరి డిస్కౌంటు, ఏడాది పొడవునా లెక్క

సిమెంటు కంపెనీలు డీలర్లకు తరచూ ఇలాంటి హామీ ఇస్తాయి: ఏడాదిలో 10,000 బస్తాలు కొంటే, మొదటి బస్తా నుంచీ బస్తాకు 10 రూపాయలు వెనక్కి ఇస్తారు. బిల్లు మాత్రం అప్పటికి పూర్తి ధరకే, అంటే 300 రూపాయలకే వేస్తారు.

అయితే ఆ 300 మొత్తాన్నీ కంపెనీ ఆదాయంగా చూపవచ్చా? డీలరు లక్ష్యం చేరతాడో లేదో ముందే అంచనా వేయాలని భారత అకౌంటింగ్ ప్రమాణం 115 చెబుతుంది. తర్వాత పెద్దగా వెనక్కి తీసుకోవలసిన అవసరం రాదని గట్టి నమ్మకం ఉన్న మేరకే ఆదాయం చూపాలి.

ఒక డీలరు సెప్టెంబరు దాకా 3,000 బస్తాలే కొన్నాడు. లక్ష్యం అందదని గట్టిగా తేల్చుకున్న కంపెనీ డిస్కౌంటు లెక్కించలేదు. తర్వాత అతనికి పెద్ద కాంట్రాక్టు దొరికి, డిసెంబరుకు కొనుగోలు 6,500 బస్తాలకు చేరింది. అంచనా మారింది. ఆ త్రైమాసికంలోనే 65,000 రూపాయలు ఆదాయం నుంచి తగ్గించి, డీలరుకు ఇవ్వాల్సిన బాకీగా చూపాలి. ఇందులో 30,000 పాత బస్తాలవి.

మార్చి చివరికి 10,400 బస్తాలైతే 1,04,000 రూపాయలకు క్రెడిట్ నోటు ఇచ్చి బాకీ తీరుస్తారు. దానిపై జీఎస్టీ కూడా తగ్గాలంటే, డీలరు ఆ మేరకు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. నోటును తర్వాతి నవంబరు 30లోగా రిటర్నులో చూపాలి.

అంచనా వేయని కంపెనీలో డిస్కౌంటు భారమంతా మార్చిలోనే పడుతుంది. ఏటా ఇలాగే జరుగుతుంటే, ముందు త్రైమాసికాల లాభం ఎక్కువ చేసి చూపినట్టే.