సాక్షి చూసిందెంత, అనుకున్నదెంత

రోడ్డు ప్రమాదంపై బీమా క్లెయిమ్ వచ్చినప్పుడు, మొత్తం పెద్దదైనా ఎక్కడైనా అనుమానం ఉన్నా, కంపెనీ ఒక ఇన్వెస్టిగేటర్‌ను పంపుతుంది. ఆయన ప్రమాద స్థలం దగ్గర ఉన్నవాళ్లను కలిసి, వాళ్ల అనుమతితో మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకుంటాడు. ఆ రికార్డింగు విని ఒకటి రెండు పేజీల కథనం రాసి ఫైలులో పెడతారు. క్లెయిమ్స్ అధికారికైనా లాయరుకైనా మొదట చేతికొచ్చేది ఆ కాగితమే. రికార్డింగు మొత్తం వినే ఓపిక అందరికీ ఉండదు. కాబట్టి కాగితంలో దొర్లిన తప్పు ఫైలు వెంట చాలా దూరం వెళుతుంది.

ఇలాంటి కథనం నిష్పాక్షికంగా ఉండాలంటే ఇరుపక్షాలకూ చెరి సగం తప్పు పంచాలని కాదు. ప్రతి వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవాడికి కనబడాలి. సాక్షి కళ్లతో చూసింది, చెవులతో విన్నది, ఇతరులు చెప్పగా తెలిసింది, తనంతట తాను ఊహించింది అనే నాలుగూ విడివిడిగా ఉండాలి. మాట్లాడేటప్పుడు ఎవరూ వీటిని విడదీసి చెప్పరు. ఆ పని రాసేవాడిది.

ఉదాహరణకు ఒక కారు, ఒక మోటార్ సైకిల్ ఢీకొన్న కేసు తీసుకుందాం. కల్పించినదే అయినా ఇలాంటి వాంగ్మూలాలు మామూలే. హైవేలో ఊళ్లోకి పక్కరోడ్డు చీలే చోట టీ బంకు నడిపే వ్యక్తి సాక్షి. రికార్డింగులో ఆయన మాటలివి:

“నేను పాలు మరగబెడతన్నానండి. ఢామ్మని చప్పుడొచ్చింది. తిరిగి చూస్తే కుర్రోడు డివైడర్ పక్కన పడున్నాడు. పక్కరోడ్డులోంచి వచ్చాడండి. కారోడు మాంచి స్పీడు మీదొచ్చి గుద్దేశాడు, ఎనభైకి తక్కువుండదు. ఫోను మాట్లాడతన్నాడంట. హెల్మెట్టా... ఉన్నట్టే ఉందండి, చేతికి తగిలించుకున్నాడేమో.”

తొందరలో రాసే కథనం ఇలా తయారవుతుంది: “హెల్మెట్ ధరించి పక్కరోడ్డు నుంచి వస్తున్న మోటార్ సైకిల్‌ను, కారు డ్రైవరు ఫోన్ మాట్లాడుతూ గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో, అజాగ్రత్తగా నడిపి ఢీకొట్టగా సాక్షి ప్రత్యక్షంగా చూశాడు.” చదవడానికి శుభ్రంగా ఉంది. సాక్షి మాటలతో పోల్చి చూస్తే దాదాపు ఏదీ నిలవదు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు చివరి మాటలో ఉంది. ఆయన చూపు పాలగిన్నె మీద ఉంది. చప్పుడు విన్నాకే తల తిప్పాడు. అంటే వాహనాలు ఢీకొనడం ఆయన చూడలేదు. చూసింది ఆ తర్వాతి దృశ్యాన్నే. అబద్ధం చెబుతున్నాడని కాదు. చప్పుడుకూ దృశ్యానికీ మధ్య ఖాళీని మనసు తనంతట తానే పూడ్చేస్తుంది, ఆ పూడిక కూడా చూసినట్టే అనిపిస్తుంది. అందుకే రాసేవాడు మొదట వెతకాల్సింది “చప్పుడు విని”, “కేకలు విని”, “జనం పోగైతే” లాంటి మాటల కోసం. అవి దొరికిన చోట గీత గీస్తే, దానికి ముందు జరిగిందంతా ఎలా తెలిసిందన్న ప్రశ్న తప్పదు.

ఈ కేసులో వేగం ఆ గీతకు ముందుది. బహుశా చప్పుడు తీవ్రతను బట్టి కట్టిన అంచనా. ఫోను సంగతి చివర “అంట” ఉంది కాబట్టి అది విన్నమాట. ఎవరు చెప్పారో రికార్డింగులో ఉంటే రాయాలి, లేకపోతే లేదని రాయాలి. ఇక పక్కరోడ్డు. కొంచెం ముందుకు వింటే ఇన్వెస్టిగేటర్ “అటునుంచే వచ్చాడని ఎలా తెలుసు?” అని అడిగాడు. “రోజూ కాలేజీ నుంచి అటే వస్తాడు కదండీ” అన్నాడు సాక్షి. అంటే అలవాటును బట్టి చెప్పాడే గాని, ఆ రోజు చూసి కాదు. పరిహారం ఇక్కడే మలుపు తిరగొచ్చు. పక్కరోడ్డు నుంచి చూసుకోకుండా హైవే ఎక్కాడని తేలితే, అతని తప్పు కూడా ఉందని పరిహారంలో కొంత కోత పడే అవకాశం ఉంది.

“అజాగ్రత్తగా” అన్న మాట సాక్షి నోట రానే లేదు. “అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి” అనేది ఎఫ్‌ఐఆర్‌లలో పాతుకుపోయిన వరస. చదివి చదివి అది రాసేవాడి చేతికి దానంతటదే వచ్చేస్తుంది. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది ఎఫ్‌ఐఆర్ పేరు మీదే ఉండాలి, సాక్షి ఖాతాలో వేయకూడదు.

క్రియాపదాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. “కారు బైకును గుద్దేసింది” అంటే తప్పెవరిదో అప్పుడే తేల్చినట్టు. “కారు, మోటార్ సైకిల్ ఢీకొన్నాయి” అంటే అది తేలలేదు. సాక్షి వాడిన “గుద్దేశాడు” ముఖ్యమనిపిస్తే కొటేషన్‌లో ఉంచాలి. మాట ప్రభావం ఎంతటిదో 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ప్రచురించిన ప్రయోగం చూపించింది. విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం ఎంతని అడిగారు. కార్లు ఒకదానికొకటి “తగిలినప్పుడు” అని అడిగితే వచ్చిన సగటు గంటకు 31.8 మైళ్లు. “గట్టిగా గుద్దుకుని నుజ్జయినప్పుడు” అన్న అర్థమిచ్చే మాటతో అడిగితే 40కి పైగా.

కాబట్టి జవాబుతో పాటు ప్రశ్న కూడా కథనంలో ఉండాలి. మన రికార్డింగులో 4వ నిమిషం దగ్గర ఇన్వెస్టిగేటర్ “కారు రాంగ్ సైడులో వచ్చిందా?” అని అడిగితే సాక్షి “ఆఁ... ఆఁ” అన్నాడు. తెలుగులో అది అవునని కావచ్చు, వింటున్నాను చెప్పండని కావచ్చు. దాన్ని “రాంగ్ సైడులో వచ్చిందని సాక్షి ధ్రువీకరించాడు” అని రాస్తే, అడిగినవాడి అనుమానాన్ని చెప్పినవాడి సాక్ష్యంగా మార్చినట్టే.

ఇవన్నీ పట్టుకోవాలంటే పని వరస కూడా ముఖ్యం. మొదటిసారి ఏమీ రాయకుండా చివరిదాకా వినాలి. రెండోసారి ఉన్నది ఉన్నట్టు, యాసతో సహా, ఆగిన చోట్లతో సహా ఎత్తి రాసుకోవాలి. వినబడని చోట “వినబడలేదు” అనే రాయాలి, సందర్భాన్ని బట్టి పూరించకూడదు. ఆ తర్వాతే సంగతులను జరిగిన క్రమంలో పేర్చి, ఒక్కొక్కదాని పక్కన రికార్డింగులో దాని సమయం వేయాలి. అప్పుడు కథనం ఇలా వస్తుంది:

“సాక్షి చెప్పిన ప్రకారం, ఆ సమయంలో ఆయన బంకులో పాలు మరగబెడుతున్నారు. పెద్ద చప్పుడు విని తిరిగి చూశారు (0:42). డివైడర్ పక్కన ఒక యువకుడు పడి ఉన్నాడు. కారు “మాంచి స్పీడు మీద” వచ్చిందని, వేగం 80కి తక్కువ ఉండదని అన్నారు (1:05). చప్పుడుకు ముందు కారును చూశారా లేదా అన్నది రికార్డింగులో లేదు. యువకుడు పక్కరోడ్డు నుంచి వచ్చాడన్నారు. ఎలా తెలుసని అడగగా, రోజూ అటునుంచే వస్తాడని చెప్పారు (2:10). డ్రైవరు ఫోన్ మాట్లాడుతున్నాడని ఇతరులు చెప్పగా విన్నారు, ఎవరు చెప్పారో తెలపలేదు. హెల్మెట్ గురించి స్పష్టంగా చెప్పలేదు. ఉన్నట్టే ఉందని, చేతికి తగిలించుకున్నాడేమోనని అన్నారు (3:20).”

ఇందులో రెండో వాక్యాల గొడవలాంటిది ఏదైనా ఉంటే, అంటే హెల్మెట్ మాటలాగా సాక్షి తనకు తానే అడ్డం తిరిగితే, సర్దకుండా రెండూ ఉంచాలి. పంచనామా స్కెచ్‌తోనో మోటారు వాహనాల తనిఖీ అధికారి నివేదికతోనో సాక్షి మాట పొసగకపోతే, ఆ సంగతి వేరే పేరాలో, ఆ పత్రం పేరుతో రావాలి. దూరాలూ అంతే. “కరెంటు స్తంభం అంత దూరం” అన్నదాన్ని రాసేవాడు మీటర్లలోకి మార్చకూడదు. ఏ స్తంభమో తెలిస్తే మరొకరు వెళ్లి టేపుతో కొలవొచ్చు. ఎడమ, కుడి అన్నప్పుడు అది సాక్షి నిలబడిన వైపు నుంచా, కారు వెళ్లే దిశ నుంచా అన్నది తేల్చి రాయాలి. తేలకపోతే సాక్షికి మళ్లీ ఫోన్ చేయాలి. ఆ రెండో సంభాషణ వేరే రికార్డింగు, వేరే తేదీ, వేరే కాగితం. మొదటి కథనంలో కలిపి దిద్దకూడదు.

అసలు ఆడియో ఫైలును కత్తిరించకుండా, పేరు మార్చకుండా భద్రపరచాలి. కేసు కోర్టుకు వెళితే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా ఉంటుంది. ఆడియోలో చిన్న మార్పు జరిగినా ఆ విలువ మారిపోతుంది కాబట్టి, రికార్డు చేసిన రోజే దాన్ని తీసి, కథనం చివర రికార్డింగు తేదీ, నిడివి, విని రాసిన వ్యక్తి సంతకం పక్కన నమోదు చేస్తే సరిపోతుంది.